ఆరో వేలుకి మందు ఉంది, వంకర లోగోకి లేదు: ఏఐ బొమ్మలకు ప్రాంప్ట్ రాసేటప్పుడు నేను పాటించే తేడా

యూట్యూబ్ థంబ్‌నెయిల్ కావచ్చు, ఫోన్ కవర్లు అమ్మేవాళ్ల ఇన్‌స్టా పోస్ట్ కావచ్చు, "లీకైన ఫోటో" అంటూ వాట్సాప్ గ్రూపులో తిరిగే బొమ్మ కావచ్చు. చేతిలో ఫోన్ పట్టుకున్న ఏఐ బొమ్మలు ఇప్పుడు రోజూ కళ్ల ముందు పడుతూనే ఉన్నాయి. ముందు బాగానే ఉందనిపిస్తుంది. కాస్త జూమ్ చేస్తే చూపుడువేలు పక్కన ఇంకో చూపుడువేలు ఉంటుంది, ఫోన్ వెనక బ్రాండ్ పేరు ఏ భాషదో తెలియని అక్షరాలతో ఉంటుంది.

దీనికి జనం చెప్పే పరిష్కారాలు రెండే. ఒకటి, ప్రాంప్ట్ చివర "పర్ఫెక్ట్ హ్యాండ్స్, ఫైవ్ ఫింగర్స్, 8కే" అని తగిలించడం. రెండోది, "కొత్త మోడల్ వచ్చేస్తుందిలే, అన్నీ అదే సరిచేస్తుంది" అని ఊరుకోవడం. నాకు రెండూ నచ్చవు. నా లెక్కలో వేళ్ల సమస్య, లోగో సమస్య రెండూ ఒకే చోట పుడతాయి కానీ ఒకే జాతివి కావు. చేతికి కొన్ని వేల సరైన రూపాలు ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి వస్తే చాలు. లోగోకి ఒక్కటే సరైన రూపం. అందుకే వేళ్ల విషయంలో ప్రాంప్ట్ నిజంగా పనిచేస్తుంది. లోగో విషయంలో ప్రాంప్ట్ చేయగలిగిన మంచి పని, లోగో పెట్టుకోవడానికి ఖాళీ చోటు ఇవ్వడం మాత్రమే.

ఈ తేడా ఎందుకు వస్తుందో తెలిస్తే ప్రాంప్ట్ ఎలా రాయాలో దానంతటదే అర్థమవుతుంది. కాబట్టి ముందు కారణం చూద్దాం.

చెయ్యికి దొరికే చోటు ఎంత?

స్టేబుల్ డిఫ్యూజన్ 1.5 ని ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే దాని లోపలి లెక్కలన్నీ బయటే ఉన్నాయి. అది ఇచ్చే మామూలు బొమ్మ 512 × 512 పిక్సెళ్లు. కానీ మోడల్ గీసేది ఆ సైజులో కాదు. ప్రతి వైపూ 8 రెట్లు కుదించిన గడుల పలక మీద, అంటే 64 × 64 గడుల్లో, బొమ్మ తయారవుతుంది. చివర్లో దాన్ని విప్పి పిక్సెళ్లుగా మారుస్తారు.

ఇప్పుడు నిలబడి ఫోన్ చూసుకుంటున్న ఒక మనిషిని పూర్తిగా, తల నుంచి కాళ్ల దాకా అడిగారనుకోండి. మనిషి ఎత్తు 480 పిక్సెళ్లు వచ్చిందనుకుందాం. మనిషి ఎత్తులో చెయ్యి పొడవు, అంటే మణికట్టు నుంచి వేలి కొస దాకా, దాదాపు పదో వంతు. అంటే 48 పిక్సెళ్లు. వెడల్పు అందులో సగం, 24 పిక్సెళ్లు. గడుల్లో లెక్క వేస్తే పొడవు 6, వెడల్పు 3. నాలుగు వేళ్లు పక్కపక్కన పట్టాల్సింది మూడు గడుల్లో! ఒక్కో వేలికి ఒక గడి కూడా రాదు. ఇక్కడ మోడల్‌కి తెలివి లేదని తిట్టి లాభం లేదు. రాయడానికి కాగితమే లేదు.

ఎస్‌డీఎక్స్‌ఎల్ 1024 × 1024 లో గీస్తుంది. కుదింపు మాత్రం అదే 8 రెట్లు. కాబట్టి అదే మనిషికి అదే చెయ్యి 6 గడుల వెడల్పు వస్తుంది. బాగుపడింది కానీ ఇంకా ఇరుకే. అదే 1024 బొమ్మలో మనిషిని వదిలేసి చేతినే క్లోజప్‌లో అడిగితే? చెయ్యి వెడల్పు 500 పిక్సెళ్లు వచ్చిందంటే 62 గడులు. ఒక్కో వేలికి దాదాపు 15 గడులు. మోడల్ మారలేదు, ప్రాంప్ట్‌లో ఒక్క మాట మారింది, వేలికి దొరికిన చోటు పది రెట్లు పెరిగింది.

చోటు మొదటి కారణం. రెండోది లెక్క. ఈ మోడళ్లు నాయిస్ నుంచి మొదలుపెట్టి మెల్లమెల్లగా బొమ్మను తేటపరుస్తాయి. ముందు పెద్ద ఆకారాలు, తర్వాత చిన్న వివరాలు. ఎక్కడా "నాలుగు వేళ్లు అయిపోయాయి, ఇక ఆపు" అని లెక్కపెట్టే మెట్టు లేదు. వేలు పక్కన ఏముంటుంది? శిక్షణలో చూసిన ఫోటోల ప్రకారం, ఎక్కువసార్లు ఇంకో వేలే. కాబట్టి ఇంకోటి గీస్తుంది. ఏ చిన్న ముక్కను విడిగా చూసినా తప్పు లేదు, మొత్తం కలిపితే ఆరు.

మూడోది మనలాంటి గ్యాడ్జెట్ వాళ్లకు బాగా తగిలేది. ఫోన్ పట్టుకున్న చేతిలో మనకు ఐదు వేళ్లూ కనిపించడం నిజానికి అరుదు. ఇప్పుడే మీ ఫోన్‌ని కుడి చేత్తో పట్టుకుని చూడండి. స్క్రీన్ వైపు నుంచి చూస్తే కుడి అంచు దగ్గర బొటనవేలు, ఎడమ అంచు మీద మూడో నాలుగో వేలి కొసలు కనిపిస్తాయి. చిటికెన వేలు కింద ఆనించి ఉంటే అది దాదాపు కనపడదు. ఇంటర్నెట్‌లోని ఫోటోలన్నీ ఇలాగే ఉంటాయి. ఒకదాంట్లో మూడు, ఇంకోదాంట్లో నాలుగు, మరోదాంట్లో బొటనవేలు ఒక్కటే. వాటి కింద రాసిన క్యాప్షన్ మాత్రం "ఫోన్ పట్టుకున్న మనిషి" అనే. ఏ వేలు ఎక్కడుందో ఎవరూ రాయలేదు. మోడల్ నేర్చుకున్నదల్లా ఏమిటంటే, ఫోన్ చుట్టూ వేళ్లు ఉంటాయి, ఎన్నైనా ఉండొచ్చు అని.

"ఫైవ్ ఫింగర్స్" ఎందుకు బెడిసికొడుతుంది

ఇక్కడే ఎక్కువమంది రాసే ప్రాంప్ట్‌ని చూద్దాం.

```
man holding smartphone, perfect hands, five fingers,
8k, masterpiece, ultra detailed
```

ఇందులో పనికొచ్చే సమాచారం "ఫోన్ పట్టుకున్న మనిషి" అన్నదొక్కటే. మనిషి ఎంత దూరంలో ఉన్నాడో, ఏ చెయ్యో, మనం ఎటు నుంచి చూస్తున్నామో చెప్పలేదు. చెప్పనివన్నీ మోడల్ ఊహించుకోవాల్సిందే. "ఫైవ్ ఫింగర్స్" అనడం ఇంకా ఇబ్బంది. నిజమైన ఫోటోలో ఒక అంచు మీద నాలుగు కొసలు, రెండో అంచు మీద బొటనవేలు ఉండాలి. మనం ఐదు అని ఒత్తి చెబితే, మోడల్ ఆ ఐదింటినీ కనిపించేలా పెట్టడానికి చూస్తుంది. ఒకే అంచు మీద ఐదు కొసలు, అటువైపు బొటనవేలు. అడిగిన ఐదూ ఇచ్చింది, చెయ్యి మాత్రం ఆరు వేళ్లదైంది.

మరి నెగటివ్ ప్రాంప్ట్ బాక్స్‌లో వేసే "బ్యాడ్ హ్యాండ్స్, ఎక్స్‌ట్రా డిజిట్" లాంటి మాటల సంగతేంటి? వీటి పుట్టుక సరదాగా ఉంటుంది. డాన్‌బూరు అనే అనిమే బొమ్మల సైట్‌లో వాడేవాళ్లే ప్రతి బొమ్మకీ ట్యాగులు పెడతారు. చెయ్యి తప్పుగా గీసిన బొమ్మకు "చేతులు బాలేవు" అనే ట్యాగ్ కూడా ఉంటుంది. ఆ ట్యాగులతో శిక్షణ పొందిన అనిమే మోడళ్లకు ఆ మాటలకు అర్థం తెలుసు, కాబట్టి వాటి నుంచి దూరం జరగగలవు. ఆ వరుసను కాపీ కొట్టి ఫోటోలు గీసే మోడల్‌కి ఇస్తే లాభం బాగా తగ్గిపోతుంది. మామూలు వెబ్ ఫోటో కింద "ఈ చెయ్యి తప్పు" అని ఎవరు రాస్తారు? నిజమైన చేతుల ఫోటోల్లో తప్పు చెయ్యే ఉండదు కదా.

ఇంకో నష్టం కూడా ఉంది. స్టేబుల్ డిఫ్యూజన్ 1.5 లో ప్రాంప్ట్ చదివే క్లిప్ అనే భాగం ఒకసారికి 77 టోకెన్లే తీసుకుంటుంది. మొదలు, చివర గుర్తులు పోగా మనకు మిగిలేవి 75. కొన్ని టూల్స్ పొడవైన ప్రాంప్ట్‌ని ముక్కలు చేసి నెట్టుకొస్తాయి కానీ, చేతి గురించి చెప్పాల్సిన చోట "మాస్టర్‌పీస్" లాంటి అలంకారాలు నింపితే ఆ మేరకు చెయ్యి గురించి చెప్పే బలం పోయినట్టే.

ఫోటోగ్రాఫర్‌కి చెప్పినట్టు చెప్పండి

నా పద్ధతి ఇది. స్టూడియోలో ఫోటో తీసే అన్నకి "చెయ్యి పర్ఫెక్ట్‌గా రావాలన్నా" అని ఎవరూ చెప్పరు. "కుడి చెయ్యి, దగ్గరగా, స్క్రీన్ ఇటు తిప్పి, బొటనవేలు ఇక్కడ" అని చెప్తారు. ప్రాంప్ట్ కూడా అంతే.

```
close-up photo of a right hand holding a phone,
seen from the user's own view, screen facing the camera,
thumb resting on the right edge,
fingertips curled around the left edge
```

ఇందులో అంకె ఎక్కడా లేదు, గమనించండి. దగ్గరగా అన్నాం కాబట్టి వేళ్లకు గడులు దొరికాయి. కుడి చెయ్యి అన్నాం, వాడేవాళ్ల చూపులో అన్నాం, కాబట్టి బొటనవేలు ఎటు ఉండాలో తేలిపోయింది. మిగతా వేళ్లు ఎడమ అంచు మీద ముడుచుకుని ఉన్నాయన్నాం, కాబట్టి కొసలు మాత్రమే కనిపిస్తే చాలు. మోడల్ ఊహించాల్సినవి ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

ఒక్క జాగ్రత్త. చెప్పే వివరాలు ఒకదానికొకటి పొసగాలి. సొంత చూపులో కుడి అరచెయ్యి మనవైపు ఉంటే బొటనవేలు కుడివైపే ఉంటుంది. ఎడమ అంచు మీద అని రాస్తే మోడల్ గొడవపడదు, ఏ మాటనూ కాదనలేక రెండు బొటనవేళ్లు పెట్టి ఊరుకుంటుంది. రాసేముందు మీ ఫోన్‌ని అదే భంగిమలో పట్టుకుని చూసి, కనిపించిందే రాయండి. పది సెకన్ల పని.

రెండో ఉపాయం, కష్టమైన భంగిమనే అడగకపోవడం. వేళ్లు ఒకదానిలో ఒకటి దూరే భంగిమలు, రెండు చేతులు కలిసే భంగిమలు అన్నిటికన్నా ఎక్కువగా చెడతాయి. అదే గేమింగ్ ఫోటో కావాలంటే ఫోన్ అడ్డంగా, రెండు బొటనవేళ్లు స్క్రీన్ మీద, మిగతా వేళ్లు ఫోన్ వెనక దాగి ఉన్నాయని రాయండి.

```
phone held sideways in both hands, close-up from above,
both thumbs on the screen, other fingers hidden behind the phone
```

పది వేళ్ల సమస్య రెండు వేళ్ల సమస్య అయిపోయింది. అలాగే "ఫోన్ బల్ల మీద ఉంది, ఒక చూపుడువేలి కొస స్క్రీన్‌ని తాకుతోంది" అన్నా దాదాపు అంతే సులువు. ఇది మోసం కాదు, నిజమైన ఫోటోగ్రాఫర్లు కూడా చూసేవాళ్లను తికమకపెట్టే వేళ్లను ఇలాగే దాచేస్తారు.

కొత్త ప్రాంప్ట్ మెరుగో కాదో తెలుసుకోవడానికీ ఒక పద్ధతి కావాలి. సీడ్ మారితే ప్రాంప్ట్ మారకపోయినా బొమ్మ మారిపోతుంది. కాబట్టి పాత ప్రాంప్ట్‌తో ఒక బొమ్మ, కొత్తదాంతో ఒక బొమ్మ తీసి పోలిస్తే ఏమీ తేలదు. ఒక ఎనిమిది సీడ్ నంబర్లు రాసిపెట్టుకోండి. రెండు ప్రాంప్ట్‌లనూ అవే ఎనిమిదింటితో నడిపి, ఎన్నిట్లో చెయ్యి సరిగ్గా వచ్చిందో లెక్కపెట్టండి. "ఈ ఒక్క మాట పెడితే చాలు భయ్యా" అని రీల్స్‌లో చెప్పే చిట్కాల్లో చాలావాటిని ఈ ఒక్క పరీక్షతో తేల్చేయొచ్చు.

అయినా ఒక వేలు తేడాగా వస్తే బొమ్మ మొత్తం పారేయకండి. చేతి మీద మాస్క్ వేసి ఆ భాగాన్నే మళ్లీ గీయించొచ్చు. ఆటోమేటిక్1111 లాంటి టూల్‌లో `Only masked` అనే ఆప్షన్ ఎంచుకుంటే ఆ చిన్న ముక్కనే పెద్దది చేసి, పూర్తి సైజులో గీసి, మళ్లీ చిన్నది చేసి అతికిస్తుంది. అంటే మూడు గడుల్లో ఇరుక్కున్న చేతికి మొత్తం పలక ఇచ్చినట్టు. డీనాయిజింగ్ 0.4 నుంచి 0.6 మధ్య మొదలుపెట్టండి. మరీ తక్కువైతే ఆరో వేలు అలాగే ఉంటుంది, మరీ ఎక్కువైతే మణికట్టుతో సంబంధం లేని కొత్త చెయ్యి మొలుస్తుంది. ఆ సమయంలో ప్రాంప్ట్‌లో మనిషి, గది, లైటింగ్ అన్నీ తీసేసి చేతి వివరం మాత్రమే ఉంచాలి. లేకపోతే ఆ చిన్న మాస్క్‌లో ఇంకో బుల్లి మనిషిని గీసిపెడుతుంది.

లోగో దగ్గర ఈ తెలివి ఎందుకు పారదు

లోగోకి కూడా చోటు సమస్య ఉంది. 1024 బొమ్మలో ఫోన్ వెనక భాగం 420 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకోండి. దాని మీద బ్రాండ్ పేరు నాలుగో వంతు, అంటే దాదాపు 100 పిక్సెళ్లు. గడుల్లో 12 లేదా 13. ఏడక్షరాల పేరైతే ఒక్కో అక్షరానికి రెండు గడులు కూడా రావు.

కానీ దగ్గరగా చూపించమంటే సరిపోతుందా? సరిపోదు. ఎందుకంటే రెండో సమస్య స్పెల్లింగ్‌ది. పాత మోడళ్లలో ప్రాంప్ట్ చదివే భాగం పదాన్ని అక్షరాలుగా చూడదు. తరచుగా వచ్చే పదం మొత్తానికి ఒకే టోకెన్, అంటే ఒకే నంబర్. ఆ నంబర్‌లో ఆ బ్రాండ్ ఎలాంటిదో ఉంటుంది కానీ, మొదటి అక్షరం ఏది, రెండోది ఏది అన్నది నేరుగా ఉండదు. అందుకే దూరం నుంచి చూస్తే ఆ బ్రాండ్‌లాగే ఉండి, దగ్గరికి వెళితే చదవలేని అక్షరాలు వస్తాయి. 2024 లో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ 3, ఫ్లక్స్ లాంటి మోడళ్లు క్లిప్‌తో పాటు టీ5 అనే పెద్ద భాషా మోడల్‌తో కూడా ప్రాంప్ట్ చదివిస్తాయి. వాటిలో కొటేషన్ మార్కుల మధ్య చిన్న ఇంగ్లిష్ పదం ఇస్తే చాలావరకు స్పెల్లింగ్ తప్పు లేకుండా వస్తుంది.

అయితే స్పెల్లింగ్ సరిగ్గా రావడం వేరు, లోగో సరిగ్గా రావడం వేరు. శాంసంగ్ పేరు రాసే తీరులో ఇంగ్లిష్ ఏ అక్షరానికి మధ్య అడ్డగీత ఉండదు. యాపిల్ గుర్తులో కాటు కుడివైపే ఉంటుంది. వన్‌ప్లస్ గుర్తులో ప్లస్ ఆ చతురస్రం పైన కుడి మూలలో ఉంటుంది. ఏ అక్షరానికి గీత చేర్చినా, కాటు ఎడమకు మారినా అది ఆ లోగో కాదు, నకిలీ సరుకు మీద కనిపించే గుర్తు. బొటనవేలు నాలుగు మిల్లీమీటర్లు అటూఇటూ అయినా చెయ్యి చెయ్యే. లోగోకి ఆ వెసులుబాటు లేదు. "అలాంటిదే" ఇవ్వడం నేర్చుకున్న యంత్రాన్ని "అదే" ఇవ్వమని అడుగుతున్నాం. ఎంత బాగా రాసిన ప్రాంప్ట్ అయినా ఆ తేడాను దాటించలేదు.

మన తెలుగుకి ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. ఛానెల్ పేరు తెలుగులో వచ్చేలా థంబ్‌నెయిల్ గీయమని అడిగి చూడండి. చూడటానికి ఒకే అక్షరంలా ఉండే "స్త్రీ" వెనక కంప్యూటర్‌కి 6 యూనికోడ్ గుర్తులు ఉన్నాయి. స, త, ర, మధ్యలో రెండు పొల్లులు, చివర గుడిదీర్ఘం. ఏ ఒత్తు దేని కింద కూర్చోవాలో పిక్సెళ్లు చూసి నేర్చుకోవాలంటే తెలుగు బొమ్మలు, వాటికి సరైన క్యాప్షన్లు బోలెడన్ని కావాలి. ఇంగ్లిష్‌తో పోలిస్తే అవి చాలా తక్కువ. అందుకే ఒత్తులు గాల్లో తేలుతుంటాయి, తలకట్లు పూసల దండల్లా వస్తాయి.

కాబట్టి ఖాళీ అడగండి

లోగో ఉన్న ఫోన్ కావాలంటే నేను లోగో లేని ఫోన్‌నే అడుగుతాను. అలా అని "నో లోగో" అని రాయను. క్యాప్షన్లు రాసేవాళ్లు ఫోటోలో ఉన్నదే రాస్తారు, లేనిదాన్ని రాసేది అరుదు. కాబట్టి "లేదు" అన్న మాట కంటే "లోగో" అన్న మాటకే బలం ఎక్కువ. వద్దన్నదే వచ్చి కూర్చుంటుంది. బ్రాండ్ పేరు రాసినా అంతే, పేరు వెంటే గుర్తు వస్తుంది. వద్దన్నది కాకుండా కావలసిన ఉపరితలం ఎలా ఉండాలో చెప్పాలి.

```
back of a plain matte grey phone, smooth unmarked surface,
lying flat on a wooden table, seen from directly above,
soft light from the left
```

నెగటివ్ బాక్స్ ఉన్న మోడల్ అయితే లోగో, టెక్స్ట్ అన్న మాటలు అక్కడ వేసుకోవచ్చు. ఇవి "బ్యాడ్ హ్యాండ్స్" లాంటివి కావు. నిజమైన క్యాప్షన్లలో ఉండే మాటలే కాబట్టి మోడల్‌కి అర్థం తెలుసు. మిడ్‌జర్నీలో దీనికి `--no logo` అనే ప్రత్యేక ఆప్షనే ఉంది. మామూలు వాక్యంలో "నో" అనడం, ఈ ఆప్షన్ వాడటం రెండూ ఒకటి కాదు.

సరిగ్గా పైనుంచి చూసే కోణం అడగడానికీ కారణం ఉంది. ఇప్పుడు మీ ఛానెల్ గుర్తో, మీ కవర్ బ్రాండ్ గుర్తో ఉన్న అసలు ఫైల్‌ని ఫోటో ఎడిటర్‌లో పైన లేయర్‌గా పెడితే పెర్‌స్పెక్టివ్ సరిచేయాల్సిన పని లేదు. కోణంలో ఉన్న ఫోన్ అయితే లోగో నాలుగు మూలలనూ ఫోన్ అంచులకు సమాంతరంగా లాగాలి. తర్వాత బ్లెండ్ మోడ్ మల్టిప్లై చేసి, ఒపాసిటీ కొంచెం తగ్గిస్తే వెనకున్న కాంతి లోగో మీద కూడా పడినట్టు ఉంటుంది. తెలుపు లోగో అయితే మల్టిప్లైలో మాయమైపోతుంది, దానికి స్క్రీన్ మోడ్ వాడాలి. మొత్తం ఐదు నిమిషాల పని. తెలుగు అక్షరాలకూ ఇదే దారి. బోర్డు ఖాళీగా గీయించుకుని, అక్షరాలు నిజమైన ఫాంట్‌తో మీరే వేయండి.

పోస్ట్ చేసే ముందు ఎక్కడ చూడాలి

వేళ్లు లెక్కపెట్టడం అందరికీ తెలుసు, కానీ అది ఒక్కటే చాలదు. బొటనవేలు ఉండాల్సిన వైపే ఉందా చూడండి. బొటనవేలికి రెండు కణుపులు, మిగతావాటికి మూడు. ఇవి సరిపోయాయా చూడండి. అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఫోన్ అంచు. వేలి ఒక పక్క నుంచి లోపలికి వెళ్లిన అంచు గీత, రెండో పక్క అదే వరుసలో బయటికి రావాలి. మోడల్ వేలిని, ఫోన్‌ని విడివిడి వస్తువులుగా కాకుండా పక్కపక్క ముక్కలుగా గీస్తుంది కాబట్టి ఇక్కడ దొరికిపోతుంది. వేళ్లు సరిగ్గా గీసే కొత్త మోడళ్లలో కూడా నేను మొదట చూసేది ఈ అంచునే.

చివరిగా ఒక గీత గీయాలనుకుంటున్నాను. పైన చెప్పినవన్నీ థంబ్‌నెయిల్‌కి, పోస్టర్‌కి, మీ సొంత బ్రాండ్ ప్రచారానికి. అమ్మకానికి ఉన్న ఒక నిజమైన ఫోన్‌ని, కవర్‌ని చూపించడానికి కాదు. ఎందుకంటే లోగోకి ఏ సమస్య ఉందో కెమెరా బంప్‌కీ అదే సమస్య ఉంది. లెన్సుల మధ్య దూరం, ఫ్లాష్ ఉన్న చోటు, బటన్ల వరుస, వీటన్నిటికీ ఒక్కటే సరైన రూపం. ఏఐ గీసిన కవర్ ఫోటో చూసి ఒక కుర్రాడు ఆర్డర్ పెడితే, వచ్చిన కవర్‌లో కటౌట్ ఇంకోలా ఉంటుంది. ఏఐ బొమ్మకు "హ్యాండ్స్ ఆన్" అని పేరు పెడితే, ఎవరి చేతిలోనూ లేని ఫోన్‌ని చూసి జనం పాతికవేలు పెట్టాలో వద్దో నిర్ణయించుకుంటారు. వేళ్లు వంకరగా ఉన్నన్నాళ్లూ చూసేవాళ్లకు అదే ఒక హెచ్చరిక. మనం మంచి ప్రాంప్ట్‌తో వేళ్లు సరిచేస్తున్నామంటే ఆ హెచ్చరికను తీసేస్తున్నామన్నమాట. అలాంటప్పుడు అది ఏఐ బొమ్మ అని పక్కన రాయాల్సిన బాధ్యత కూడా మనదే.